జ్వరం తగ్గాక చెవి దిబ్బడ: నీరా, నరమా? వినికిడి పరీక్ష ఎప్పుడు?

ప్రశ్న: మా ఆవిడకు 44 ఏళ్లు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. రెండు వారాల కింద జ్వరం, దగ్గు వచ్చి కోవిడ్ అని తేలింది, వారంలో తగ్గిపోయింది. నాలుగు రోజుల కింద పొద్దున లేచేసరికి ఎడమ చెవి దిబ్బడ పట్టేసింది, ఒకటే హోరు. మెడికల్ షాపులో చుక్కల మందు, జలుబు మాత్రలు ఇచ్చి పది రోజులు చూడమన్నారు. మా అత్తమ్మేమో వెల్లుల్లి నూనె పోద్దామంటోంది. హియరింగ్ టెస్ట్ ఇప్పుడే చేయించాలా, జలుబు పూర్తిగా తగ్గాకా?

జవాబు:

ఇప్పుడే చేయించండి. కుదిరితే ఈరోజే, లేదంటే రేపు పొద్దున ఓపీ తెరిచే వేళకి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఉండండి. పది రోజులు ఆగాలన్న సలహా అందరి విషయంలోనూ తప్పు కాదు. కానీ ఒక్క చెవికే, రాత్రికి రాత్రి, హోరుతో సహా వచ్చిన దిబ్బడకు మాత్రం అది పనికిరాదు. నూనె అసలు వద్దు. కాచిన నూనె కర్ణభేరిని కాల్చే ప్రమాదం ఎలాగూ ఉంది. అది కాకపోయినా, చెవి దారంతా జిడ్డుగా ఉంటే రేపు డాక్టర్ లోపల చూడాల్సింది కనపడదు, ముందు దాన్ని శుభ్రం చేయడానికే ఒక పూట పోతుంది.

ఇంత తొందర ఎందుకంటే, వైరల్ జ్వరం తర్వాత వచ్చే దిబ్బడ వెనక రెండు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. మనిషికి రెండూ ఒకేలా అనిపిస్తాయి, చెవిలో దూది కుక్కినట్టు.

మొదటిది మధ్యచెవిలో నీరు. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. జలుబుకి అది వాచి మూసుకుపోతే కర్ణభేరి వెనక గాలి ఆడక, పల్చటి నీరు ఊరుతుంది. శబ్దం లోపలికి వెళ్లే దారి మాత్రమే మూసుకుంటుంది, వినికిడి నరం బాగానే ఉంటుంది. మింగినప్పుడో ఆవులించినప్పుడో టప్‌మని తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఎక్కువమందిలో ఇది కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది.

రెండోది లోపలి చెవి దెబ్బతినడం. శబ్దాన్ని నరానికి అందించే సన్నటి కణాలు నత్త గుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో ఉంటాయి. వైరస్ నేరుగా అక్కడ చేరడం వల్లో, వాపు వల్లో, దానికి రక్తం తెచ్చే సన్నని నాళం ఇబ్బంది పడడం వల్లో ఆ కణాలు పనిచేయడం తగ్గిపోవచ్చు. కోవిడ్ వైరస్ మనిషి లోపలి చెవి కణాల్లోకి వెళ్లగలదని ఎంఐటీ, మసాచుసెట్స్ ఐ అండ్ ఇయర్ పరిశోధకులు 2021లో ప్రయోగశాలలో చూపించారు. అయితే ఫలానా మనిషికి ఫలానా వైరస్ వల్లే వినికిడి పోయిందని తేల్చడం దాదాపు కుదరదు. ఇలా హఠాత్తుగా చెవి పోయినవాళ్లలో పదింట తొమ్మిది మందికి కారణం తేలదు. అందుకే కోవిడ్ యాంటీబాడీల పరీక్షలకు డబ్బు, రోజులు ఖర్చు పెట్టకండి. కారణం ఏదైనా మొదటి వైద్యం ఒకటే.

ఈ రెండో రకానికే గడువుంది. మూడు రోజుల్లోపు, వినికిడి పరీక్ష రిపోర్టులో, అంటే ఆడియోగ్రామ్‌లో, పక్కపక్కనే ఉన్న మూడు ఫ్రీక్వెన్సీల్లో కనీసం 30 డెసిబెల్స్ వినికిడి పడిపోతే దాన్ని ఆకస్మిక నరాల వినికిడి లోపం అంటారు. స్టెరాయిడ్ మొదలుపెడితే మొదటి రెండు వారాల్లోపే మొదలుపెట్టాలి, అందులోనూ ఎంత ముందైతే అంత మంచిది. ఆరు వారాలు దాటాక ఇచ్చినా లాభం దాదాపు ఉండదు. మీకు నాలుగు రోజులు అప్పుడే అయిపోయాయి. పది రోజులు చుక్కలు వేసి చూసి, తగ్గక డాక్టర్ దగ్గరికి వెళ్లి, అక్కడ టెస్ట్ రాసి, ఆ రిపోర్టు వచ్చేసరికి ఆ రెండు వారాలు దాటిపోతాయి. ఈ జబ్బులో చెవులు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే, ఎవరూ పెద్ద తప్పు చేయకుండానే.

వెళ్లేలోపు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఆవిణ్ని నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని ఒకే స్థాయిలో మూలగమనండి. ఆ శబ్దం ఏ చెవిలో గట్టిగా వినిపిస్తోందో అడగండి. దిబ్బడ ఉన్న చెవిలోనే గట్టిగా ఉంటే నీరో, గులిమో అడ్డుపడి ఉండే అవకాశం ఎక్కువ. బాగున్న చెవిలో గట్టిగా ఉంటే లోపలి చెవిని అనుమానించాలి. నమ్మకం కుదరకపోతే మీరే ఒక చెవిని వేలితో మూసుకుని మూలిగి చూడండి, శబ్దం మూసిన చెవిలోకే వెళ్తుంది. డాక్టర్ 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను కొట్టి నుదుటి మధ్య పెట్టి చూసేదీ ఇదే సూత్రం. దీనికి హద్దులున్నాయి. రెండు చెవులూ దెబ్బతింటే తేడా తెలియదు, కొందరు ఎటు వినిపిస్తోందో చెప్పలేరు. శబ్దం దిబ్బడ చెవిలోనే వినిపించింది కదా అని టెస్ట్ మానేయకండి. బాగున్న చెవికి వెళ్తే మాత్రం ఆ రోజు సెలవైనా సరే, ఈఎన్‌టీ డ్యూటీ డాక్టర్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

ఫోన్ యాప్‌లతో సరిపెట్టుకోవద్దు. వాటిలో చాలా వరకు రెండు చెవులకూ కలిపి శబ్దం వినిపిస్తాయి. ఒక చెవి పూర్తిగా పోయినా రెండోది బాగుంటే పాసైపోతారు.

ఇక అసలు టెస్ట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ దశలో టెస్ట్ చేయించకపోవడం ఎంత నష్టమో, సగం టెస్ట్ చేయించడం కూడా అంతే నష్టం.

డాక్టర్ ముందు చెవిలోకి లైటుతో చూస్తారు. గులిమి ఉంటే తీసేస్తారు, కర్ణభేరి వెనక నీరుంటే చాలాసార్లు అక్కడే కనపడుతుంది. తర్వాత ఆడియాలజిస్ట్ దగ్గర శబ్దం చొరబడని గదిలో ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ చేస్తారు. దాంట్లో రెండు భాగాలుంటాయి. హెడ్‌ఫోన్ పెట్టి 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కో శబ్దం ఎంత సన్నగా వినపడుతోందో చూసేది గాలి ద్వారా పరీక్ష. చెవి వెనక ఎముక మీద చిన్న వైబ్రేటర్ పెట్టి చేసేది ఎముక ద్వారా పరీక్ష. గాలి ద్వారా శబ్దం వెళ్లాలంటే దారంతా బాగుండాలి. ఎముక ద్వారా వెళ్లేది మధ్యచెవిని పట్టించుకోకుండా నేరుగా కాక్లియాకు చేరుతుంది. గాలి ద్వారా తగ్గి, ఎముక ద్వారా బాగుంటే అడ్డంకి దారిలో ఉన్నట్టు. రెండూ సమానంగా తగ్గితే లోపలి చెవిలోనో నరంలోనో ఉన్నట్టు.

పొరపాటు జరిగేది ఇక్కడే. వైబ్రేటర్‌ను ఎడమ చెవి వెనక పెట్టినా పుర్రె మొత్తం ఒక్కటే కదా, శబ్దం తగ్గకుండా కుడి కాక్లియాకు కూడా చేరిపోతుంది. ఎడమ చెవి ఎంత చెడినా, కుడి చెవి విని బటన్ నొక్కిస్తుంది. మీ ఆవిడ విషయంలో నరమే దెబ్బతిందనుకుని అంకెలతో చూద్దాం, అంకె ఎంత ఎక్కువైతే వినికిడి అంత తగ్గినట్టు. కుడి చెవి అంతటా 15 డెసిబెల్స్, అంటే మామూలే. ఎడమ చెవి గాలి ద్వారా 500 హెర్ట్జ్ దగ్గర 45, 1000 దగ్గర 50, 2000 దగ్గర 55, 4000 దగ్గర 60. ఎడమ వైపు ఎముక పరీక్ష ఉన్నదున్నట్టు చేస్తే అంతటా 15 వస్తుంది. అది ఎడమ చెవి వినికిడి కాదు, కుడి చెవిది. కానీ కాగితం మీద చూస్తే "ఎముక ద్వారా బాగుంది, గాలి ద్వారా తగ్గింది, కాబట్టి మధ్యచెవిలో నీరు" అని అర్థమవుతుంది. చుక్కలు, జలుబు మాత్రలు, ఇంకో మూడు వారాలు. గడువు అయిపోయింది.

దీన్ని ఆపేదే మాస్కింగ్. ఎడమ చెవిని పరీక్షిస్తున్నంతసేపూ కుడి చెవిలో హుష్‌మని గాలి వీచినట్టు ఒక శబ్దం పెట్టి దాన్ని పనిలో పెడతారు. అప్పుడు ఎడమ చెవి ఎముక ద్వారా అసలు విలువలు బయటపడతాయి, మన ఉదాహరణలో 45, 50, 50, 55. గాలి, ఎముక దాదాపు కలిసిపోయాయి, అంటే నరం రకం. మాస్కింగ్ చేశారో లేదో మీరే తెలుసుకోవచ్చు. బయటికి రాగానే ఆవిణ్ని "కుడి చెవిలో హోరు పెట్టి, దాన్ని పట్టించుకోకుండా కూతకే బటన్ నొక్కమన్నారా?" అని అడగండి. అలాంటిదేమీ లేదంటే ఒక్క చెవి తేడా ఉన్న ఈ కేసులో ఆ రిపోర్టుకు విలువ లేదు. కాగితం మీద కూడా తెలుస్తుంది. మామూలుగా కుడి చెవి ఎర్ర రంగులో సున్నా గుర్తు, ఎడమ చెవి నీలం రంగులో ఇంటూ గుర్తు. ఎముక పరీక్షకు మాస్కింగ్ లేకుండా చేస్తే బాణం మొనలాంటి గుర్తు, మాస్కింగ్‌తో చేస్తే చదరపు బ్రాకెట్ గుర్తు వేస్తారు.

టింపనోగ్రామ్ కూడా అడగండి. చెవిలో చిన్న రబ్బరు మొన పెట్టి గాలి ఒత్తిడి మార్చి కర్ణభేరి ఎంత కదులుతోందో చూసే పరీక్ష, నిమిషం పని. మధ్యలో చక్కగా శిఖరం వస్తే 'ఎ' టైపు, అంటే వెనక గాలి మామూలుగా ఉంది. గీత చదునుగా ఉంటే 'బి' టైపు, నీరుండొచ్చు. శిఖరం పక్కకు జరిగితే 'సి', గొట్టం సరిగా తెరుచుకోవట్లేదు. ఇది ఆడియోగ్రామ్‌కు సాక్షి లాంటిది. "మధ్యచెవిలో నీరు" అని రాసి, టింపనోగ్రామ్ 'ఎ' వచ్చిందంటే ఆ రెండిటికీ పొసగదు. పైగా నీటి వల్ల సాధారణంగా 25–35 డెసిబెల్స్ తగ్గుతుంది. 60 దాకా పడిపోయిన చెవికి నీరొక్కటే కారణమని చెబితే మళ్లీ అడగాలి.

హియరింగ్ ఎయిడ్ దుకాణాల్లో ఉచితంగా చేసే టెస్టులు దీనికి వద్దు. అక్కడ చాలాచోట్ల శబ్దం చొరబడని గది ఉండదు, ఎముక పరీక్ష చేయరు, చేసినా మాస్కింగ్ ఉండదు. హైదరాబాద్ వైపు వాళ్లకు కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. మిగతా చోట్ల మెడికల్ కాలేజీ ఆసుపత్రుల ఈఎన్‌టీ విభాగాల్లో ఆడియాలజిస్టులు ఉంటారు. ఆ రోజు ఆడియోమెట్రీ దొరక్కపోతే, ట్యూనింగ్ ఫోర్క్‌తో చూసి నరం రకమని అనుమానం వస్తే వైద్యం మొదలుపెట్టి, ఒకట్రెండు రోజుల్లో టెస్ట్ చేయించడం కూడా సరైన పద్ధతే. టెస్ట్ కోసం వారం ఆగడమే తప్పు.

నరం రకమని తేలితే సాధారణంగా ప్రెడ్నిసోలోన్ ఇస్తారు. శరీర బరువులో కిలోకు ఒక మిల్లీగ్రాము, రోజుకు 60 మిల్లీగ్రాములు మించకుండా, పొద్దున పూట, 10 నుంచి 14 రోజులు, తర్వాత మెల్లగా తగ్గిస్తూ. ఇది చదివి మెడికల్ షాపులో కొనుక్కోవద్దు. ఆవిడకు షుగర్ ఉందన్న మాట డాక్టర్ కూర్చోగానే మొదట చెప్పండి. స్టెరాయిడ్ వేసుకున్న రోజుల్లో షుగర్ బాగా పెరుగుతుంది, ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. పొద్దున పరగడుపున చూసి బాగుందనుకుంటే మోసపోతారు. భోజనం తర్వాత, సాయంత్రం కూడా చూడాలి, అవసరమైతే కొన్నాళ్లు ఇన్సులిన్ వేస్తారు. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ సోకినవాళ్లలో ఎక్కువమంది షుగర్ అదుపులో లేకుండా స్టెరాయిడ్ వాడినవాళ్లే. అందుకని మందు మానేయాలని కాదు, కొలుచుకుంటూ వాడాలి. ముఖం ఒక వైపు నొప్పి, వాపు, ముక్కులోంచి నల్లటి చెక్కు కనిపిస్తే వెంటనే చెప్పాలి.

షుగర్ మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. కర్ణభేరికి మత్తు పెట్టి, సన్నటి సూదితో మధ్యచెవిలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఓపీలోనే అయిపోతుంది. మూడు నుంచి ఏడు రోజులకోసారి, నాలుగు దాకా ఇస్తారు. ఇచ్చాక ఆ చెవి పైకి ఉండేలా కాసేపు పడుకోబెడతారు, ఆ సమయంలో మింగొద్దు, మాట్లాడొద్దు అంటారు. ఎందుకంటే మందు ఇందాక చెప్పిన గొట్టం గుండా గొంతులోకి జారిపోతుంది. ఆ కొద్ది నిమిషాలు తల తిరగడం మామూలే. మాత్రలతో గుణం కనపడనివాళ్లకు కూడా రెండు నుంచి ఆరు వారాల మధ్య ఇవే ఇంజెక్షన్లు ఇస్తారు.

వైరస్ వల్ల వచ్చిందేమో కదా అని యాంటీవైరల్ మాత్రలు అడగకండి, ఇందులో అవి పనిచేసినట్టు రుజువు లేదు. ఒక్క మినహాయింపు, చెవి డొప్ప మీద నీటి పొక్కులు, విపరీతమైన నొప్పి, అదే వైపు మూతి వంకర. అది చెవి దగ్గర వచ్చే సర్పి, దానికి యాంటీవైరల్ మూడు రోజుల్లోపే పడాలి. నరాల బలానికని రాసే విటమిన్ మాత్రలు వేసుకుంటే నష్టమేమీ లేదు గానీ, అవి స్టెరాయిడ్‌కు బదులు కావు. చెవి పోవడంతో పాటు గిర్రున తల తిరుగుతూ, మాట ముద్దగా రావడమో, చేయి కాలు తూలడమో, రెండుగా కనపడడమో ఉంటే అది చెవి జబ్బు కాదు, పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేయండి.

ఇదే ప్రశ్న వేరే పరిస్థితుల్లో ఉన్నవాళ్లకు కూడా వస్తుంది కాబట్టి వాళ్ల సంగతీ క్లుప్తంగా. జలుబుతో రెండు చెవులూ దిబ్బడేసి, మింగితే తెరుచుకుంటూ, రోజురోజుకీ తేలికపడుతుంటే మూడు నాలుగు వారాలు చూడొచ్చు, అప్పటికీ ఉంటే టెస్ట్. పెద్దవాళ్లలో ఒక్క వైపే నీరు నెలన్నర దాటినా ఉంటే ముక్కు వెనక భాగాన్ని ఎండోస్కోపుతో తప్పకుండా చూపించుకోవాలి, ఆ గొట్టం ముఖద్వారం దగ్గర గడ్డలు ఇలాగే బయటపడతాయి. పిల్లల్లో నీరు మూడు నెలల దాకా తగ్గకపోతే, లేదా మాటలు వెనకబడుతుంటే ఇంకా ముందే, వినికిడి పరీక్ష కావాలి.

గవదబిళ్లలు వచ్చిన పిల్లలకు మాత్రం ఫిర్యాదు లేకపోయినా టెస్ట్ చేయించండి. అది ఒక చెవిని పూర్తిగా, శాశ్వతంగా పోగొట్టగలదు, రెండో చెవి బాగుండడంతో ఎవరికీ తెలియదు. ఏళ్ల తర్వాత ఫోన్ ఆ చెవికి పెట్టుకున్నప్పుడు బయటపడుతుంది. ప్రభుత్వం ఇచ్చే ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లా ఉంటాయి గానీ గవదబిళ్లల రక్షణ ఉండదు, దానికి ఎంఎంఆర్ వేయించాలి.

జ్వరంతో ఐసీయూలో ఉండి అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడినవాళ్లకు దెబ్బ రెండు చెవులకూ, ముందు కీచుమనే సన్నటి శబ్దాల దగ్గర తగులుతుంది. మాట వినపడుతుంది, కానీ నలుగురిలో ఏమన్నారో అర్థం కాదు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ మందు పేరుంటే నెలలోపు 8000 హెర్ట్జ్ దాకా టెస్ట్ చేయించుకోవాలి, ఈలోగా మళ్లీ ఆ మందు రాయకుండా డాక్టర్‌కు చెప్పాలి. కోవిడ్ తర్వాత హోరు ఒక్కటే ఉండి, వినికిడి తగ్గినట్టు అనిపించకపోతే అత్యవసరం కాదు, కానీ రెండు మూడు వారాలకు మించి ఉంటే ఒక ఆడియోగ్రామ్ తీయించడం మంచిది. హోరుందని వచ్చినవాళ్లలో చాలామందికి తమకే తెలియని వినికిడి లోపం ఉంటుంది.

మళ్లీ మీ దగ్గరికి వస్తే, స్టెరాయిడ్ కోర్సు అయ్యాక ఒకసారి, ఆరు నెలలలోపు ఇంకోసారి ఆడియోగ్రామ్ ఉండాలి. వీలైతే ఒకేచోట చేయించండి, అసలు కాగితాలు ఫైల్లో పెట్టండి. ఎంత కోలుకుంటుందన్నది మొదట్లో ఎంత పోయింది, తల తిరగడం ఉందా, వైద్యం ఎప్పుడు మొదలైంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. 50 డెసిబెల్స్ దగ్గర ఆగిన చెవికి ఆశ బాగానే ఉంటుంది, 90 దాటి తల తిరుగుడు కూడా ఉంటే తక్కువ. నరం రకమని తేలితే, వినికిడి తిరిగొచ్చినా సరే, లోపలి చెవి కాలువకు ఎంఆర్ఐ ఒకసారి తీయించాలి. కొద్దిమందిలో వినికిడి నరం పక్కన పెరిగే చిన్న గడ్డ మొదట ఇలాగే కనపడుతుంది, స్టెరాయిడ్‌తో తాత్కాలికంగా వినికిడి తిరిగి రావచ్చు కూడా. సీటీ స్కాన్‌లో అది తేలదు, కాబట్టి ఎంఆర్ఐకి బదులు సీటీ చాలంటే ఒప్పుకోకండి. ఎంఆర్ఐ వారం అటూ ఇటూ అయినా పర్వాలేదు, మందు మాత్రం దానికోసం ఆగకూడదు.